టెక్ సందేహాలు: గేట్‌వేలో ఇరుక్కున్న అమ్మకాల డబ్బు

ప్రశ్న: మంగళగిరి చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతాను. డబ్బు ఒక పేమెంట్ గేట్‌వే కంపెనీ లింకుల ద్వారా వస్తుంది. దసరా అమ్మకాలు రూ.84,600 ఐదు వారాలుగా 'హోల్డ్'లో ఉన్నాయి. టికెట్ పెట్టిన ప్రతిసారీ 'రివ్యూలో ఉంది' అంటున్నారు. నేతన్నకు బాకీ తీర్చాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికి ఫిర్యాదు చేయాలి?

జవాబు: ఫిర్యాదు రాసేముందు డబ్బు ఎక్కడ ఆగిందో చూడండి. డ్యాష్‌బోర్డ్‌లో సెటిల్‌మెంట్స్ పేజీ తెరవండి. ఆ మొత్తానికి UTR, అంటే బ్యాంకు బదిలీని గుర్తించే నంబరు కనిపిస్తే గేట్‌వే పంపేసినట్టే. అప్పుడు ఆ నంబరు పట్టుకుని మీ బ్యాంకుకు వెళ్లాలి. ఖాతా పేరులో తేడా ఉండటంవల్లో, ఖాతా ఫ్రీజ్ కావడంవల్లో డబ్బు వెనక్కి పోయి ఉండొచ్చు. UTR లేకపోతే డబ్బు గేట్‌వే దగ్గరే ఉంది. మీరు చెప్పిందాన్నిబట్టి మీది ఈ రెండోదే అనిపిస్తోంది.

ఇలా ఆపడానికి కారణం తరచుగా మోసం కాదు, అనుమానం. నెలకు పది లింకులు పంపే ఖాతాలో ఒక్కసారిగా వారంలో అరవై చెల్లింపులు పడితే వాళ్ల రిస్క్ సిస్టమ్ జెండా ఎత్తుతుంది. ఖాతా తెరిచినప్పుడు మీరు ఏ వ్యాపారం అని రాశారో కూడా ఒకసారి చూసుకోండి. అక్కడ 'టైలరింగ్' అని ఉండి ఇప్పుడు చీరలు అమ్ముతుంటే, కేవైసీలో రాసిందానికీ చేస్తున్నదానికీ పొంతన లేదని ఆపేస్తారు. కొనుగోలుదారు ఎవరైనా తన బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగినా, అంటే చార్జ్‌బ్యాక్ పెట్టినా ఇంతే. కార్డు చెల్లింపుల్లో ఆ గడువు చాలా సందర్భాల్లో 120 రోజుల దాకా ఉంటుంది కాబట్టి కంపెనీలు భయపడతాయి. కానీ ఒక చీర మీద వివాదం వస్తే మిగతా చీరల డబ్బు ఎందుకు ఆపాలి? మీ ఫిర్యాదుకు బలం ఇక్కడే ఉంది.

ఈ డబ్బు గేట్‌వే సొంత సొమ్ము కాదు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, ఇలా అమ్మేవారి తరఫున డబ్బు వసూలు చేసే పేమెంట్ అగ్రిగేటర్లు దాన్ని బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలి. 2020 మార్చి మార్గదర్శకాల్లో, సరుకు పంపే బాధ్యత అమ్మేవారిదైతే డెలివరీ ఖాయమైన మర్నాటికల్లా చెల్లించాలని ఉండేది. రిఫండ్ గడువు దాకా ఆపుకునే ఒప్పందం ఉంటే అది వేరు. 2025 సెప్టెంబరులో ఆర్‌బీఐ కొత్త ఆదేశాలు ఇచ్చింది కాబట్టి పాత సర్క్యులర్ నంబర్లు రాసి వాదించకండి. మీరు ఒప్పుకున్న అగ్రిమెంట్‌లో ఏ క్లాజు కింద ఆపారో వాళ్లనే చెప్పమనండి.

ఇక సాక్ష్యం. ఎక్సెల్ షీట్‌లో ఒక్కో ఆర్డరుకు ఒక్కో వరుస పెట్టండి: పేమెంట్ ఐడీ, తేదీ, మొత్తం, కొరియర్ ట్రాకింగ్ నంబరు, డెలివరీ తేదీ. బిల్లులూ, నేతన్నకు చెల్లించిన రసీదులూ కలిపి ఒకే పీడీఎఫ్ చేయండి. కేవైసీలో తప్పు ఉందనిపిస్తే ముందే సరిచేసి, ఆ సంగతి మెయిల్‌లో మీరే చెప్పండి. వాళ్లు కనిపెట్టేదాకా ఆగితే రివ్యూ మళ్లీ మొదటికొస్తుంది.

మెయిల్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నోడల్ లేదా గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపండి, చాట్‌లో కాదు. సబ్జెక్ట్‌లో మర్చంట్ ఐడీ, పాత టికెట్ నంబర్లు రాయండి. మెయిల్‌లో కోపం అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

'రూ.84,600లో ఏయే లావాదేవీలపై అభ్యంతరం ఉందో వాటి ఐడీలు ఇవ్వండి. ఏ క్లాజు కింద ఆపారో, ఏ తేదీకి విడుదల చేస్తారో రాతపూర్వకంగా తెలపండి. డెలివరీ అయి, వివాదం లేని ఆర్డర్ల డబ్బు ముందుగా విడుదల చేయండి. జాబితా జతచేశాను.'

'పోలీసుల ఆదేశం' అని జవాబొస్తే కథ వేరు. అలాంటప్పుడు గేట్‌వే తనంతట తాను డబ్బు వదలడానికి వీల్లేదు. ఏ స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు అని అడిగి తెలుసుకుని, ఆ ఆర్డరు బిల్లు, డెలివరీ రుజువుతో అక్కడికే రాయాలి.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ cms.rbi.org.inలో ఫిర్యాదు పెట్టొచ్చు. మీ కంపెనీ ఆర్‌బీఐ అనుమతి పొందిన అగ్రిగేటర్ల జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, జాబితా ఆర్‌బీఐ సైట్‌లోనే ఉంటుంది. ఈ 30 రోజులు రాతపూర్వక ఫిర్యాదు చేరిన రోజు నుంచి లెక్క. ఐదు వారాలు ఎదురుచూశాను కదా అని నేరుగా వెళితే, టికెట్ చాట్‌లు తప్ప చూపించడానికేమీ లేకపోతే, తిప్పి పంపే అవకాశం ఉంది. కాబట్టి మెయిల్ ఇవాళే పంపండి. కంపెనీ తీసుకున్నది వ్యాపారపరమైన నిర్ణయమని తేలితే అలాంటి ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అధికారి, అంబుడ్స్‌మన్, దాన్ని పక్కన పెట్టొచ్చు. అందుకే ఆ ఫిర్యాదులోనూ 'నా మీద అనుమానపడ్డారు' అని కాకుండా 'కారణం, తేదీ చెప్పకుండా ఆపారు' అని రాయండి.

ఒక జాగ్రత్త. మీ గోడు సోషల్ మీడియాలో పెట్టగానే 'కస్టమర్ కేర్' అంటూ మెసేజ్‌లు వస్తాయి. సెటిల్‌మెంట్ విడుదలకు ఓటీపీ గానీ, స్క్రీన్ షేరింగ్ యాప్ గానీ, 'ప్రాసెసింగ్ ఫీజు' గానీ అక్కర్లేదు. అడిగినవాడు దొంగే.