హక్కులన్నీ రాసివ్వాలా, వాడుకునే అనుమతి ఇస్తే చాలా?

ప్రశ్న: మాది చిన్న డిజైన్ ఏజెన్సీ. కొత్త క్లయింటు పంపిన కాంట్రాక్టులో "చేసిన పని మొత్తంపై హక్కులన్నీ కంపెనీవే" అని ఉంది. ఒప్పుకోవాలా, లైసెన్స్ మాత్రమే ఇస్తామనాలా? క్లాజ్ ఎలా రాయాలి?

రెండిట్లో ఒక్కటే ఎంచుకోనక్కర్లేదు. ఒకే కాంట్రాక్టులో కొంత పనిని రాసివ్వవచ్చు, మిగతాదానికి లైసెన్స్ ఇవ్వవచ్చు. మీకు వచ్చిన వాక్యంలో నన్ను భయపెట్టేది "హక్కులన్నీ" కాదు, "పని మొత్తం". నేను దెబ్బతిన్నది ఆ మాట దగ్గరే.

ఒక క్లయింటుకి లోగో, వెబ్‌సైట్ డిజైన్ చేశాం. లోగోకి మూడు కాన్సెప్టులు చూపిస్తే ఒకటి తీసుకున్నారు. వెబ్‌సైట్‌లో మేం అంతకు రెండేళ్ల ముందు నుంచి తయారుచేసుకుంటున్న ఐకాన్ సెట్ వాడాం. కాంట్రాక్టులో "ప్రాజెక్టులో తయారైనవి, వాడినవి అన్నీ ఆ క్షణం నుంచే క్లయింటువి" అని ఉంది. అందరూ ఇలాగే రాస్తారులే అనుకుని సంతకం పెట్టాం. ఏడాది తర్వాత అవే ఐకాన్లు ఇంకొకరి యాప్‌లో వాడితే పాత క్లయింటు లాయర్ నుంచి నోటీసు వచ్చింది. "వాడినవి" అన్న ఒక్క మాటతో మా సొంత సరుకు కూడా వెళ్లిపోయింది. పైగా చివరి విడత, అంటే 30 శాతం ఫీజు, అప్పటికీ రాలేదు. హక్కులు ముందే వెళ్లిపోయాయి కాబట్టి బాకీ అడగగలం గానీ, డిజైన్ వాడొద్దని అనలేం. ఆ టెన్షన్ నెలల తరబడి నడిచింది.

అప్పటి నుంచి పనిని మూడు భాగాలుగా విడదీసి రాస్తున్నాను. క్లయింటు ఆమోదించిన తుది డిజైన్లు మొదటిది. ప్రాజెక్టుకు ముందే మా దగ్గరున్నవి, అంటే ఐకాన్లు, టెంప్లేట్లు, కాంపోనెంట్ లైబ్రరీ, రెండోది. ఫాంట్లు, స్టాక్ ఫొటోల వంటి బయటివాళ్ల సరుకు మూడోది. మొదటి రెండిటికీ మేం రాసే మాటలు దాదాపు ఇవి:

"అనుబంధం 1లోని తుది డిజైన్లపై కాపీరైట్ మొత్తాన్ని, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలానికీ, ఏజెన్సీ క్లయింటుకు బదిలీ చేస్తోంది. పూర్తి ఫీజు అందిన రోజున, వేరే పత్రం అవసరం లేకుండా, ఈ బదిలీ అమల్లోకి వస్తుంది. అప్పటివరకు సమీక్షకు, పరీక్షకు మాత్రమే వాడుకోవచ్చు. అనుబంధం 2లోనివి ఏజెన్సీవే. పూర్తి ఫీజు అందాక, తుది డిజైన్లలో భాగంగా వాటిని వాడుకోవడానికి, మార్చుకోవడానికి క్లయింటుకు శాశ్వతమైన, వెనక్కి తీసుకోలేని, నాన్-ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ ఉంటుంది. వ్యాపారం చేతులు మారితే ఈ లైసెన్స్ కూడా కొత్త యజమానికి వెళుతుంది."

"బదిలీ చేస్తోంది" అనే రాయండి, "బదిలీ చేస్తుందని ఒప్పుకుంటోంది" అని కాదు. రెండోది మాట ఇవ్వడమే. తర్వాత ఇంకో సంతకం కావాలి. క్లయింటు లాయర్ దీన్ని వెంటనే పట్టుకుంటారు, అది న్యాయమే కూడా. కాలం, ప్రాంతం రాయడం కూడా మానొద్దు. ఉదాహరణకు భారత కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం, కాలం చెప్పకపోతే బదిలీ 5 ఏళ్లకే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే అని భావిస్తారు. చట్టం దేశాన్నిబట్టి మారుతుంది కాబట్టి, మీ కాంట్రాక్టుకు ఏ దేశ చట్టం వర్తిస్తుందో చూసుకుని అక్కడి లాయర్‌కి ఒకసారి చూపించండి.

లైసెన్స్ అనగానే క్లయింటు "రేపు ఆపేస్తే మా గతేంటి?" అంటారు. వెనక్కి తీసుకోలేనిదన్న మాట, కొత్త యజమానికి వెళుతుందన్న మాట ఆ భయానికి జవాబు. ఈ రెండూ లేని లైసెన్స్ ఇస్తామంటే నేను క్లయింటునైనా ఒప్పుకోను.

మూడో భాగం గురించి తక్కువే చెప్పాలి: మీది కానిదాన్ని మీరు రాసివ్వలేరు. ఫాంట్ లైసెన్స్ క్లయింటు పేరు మీదే కొనిపించండి. వెబ్‌లో వాడటానికి చాలాసార్లు వేరే లైసెన్స్ కావాలి, అది కూడా అడగండి. ఫ్రీలాన్సర్ గీసిన బొమ్మ ఉంటే, ముందు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా హక్కులు తీసుకోండి. డబ్బు ఇచ్చాం కదా అన్నంత మాత్రాన చాలా దేశాల్లో కాపీరైట్ మీకు రాదు.

తిరస్కరించిన కాన్సెప్టులు ఏజెన్సీవేనని ఒక వాక్యం విడిగా పెట్టండి, క్లయింటు పేరు, గుర్తులు వాటిలోంచి తీసేస్తామని కూడా కలపండి. పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతి కూడా అడగండి. కాపీరైట్ ఇచ్చేశాక అది దానంతటదే మిగలదు.

ఒకవేళ ఆ పని ఒక ప్రచారం కోసం గీసిన ఇలస్ట్రేషన్ లాంటిదైతే రాసివ్వకండి. ఏ మాధ్యమంలో, ఎక్కడ, ఎంతకాలం అన్నవి చెప్పి ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ ఇస్తే వాళ్లకు సరిపోతుంది. లోగో మాత్రం వేరు. ఎవరి గుర్తు వాళ్ల చేతిలోనే ఉండాలి, దాన్ని రాసివ్వడానికి నేనెప్పుడూ పేచీ పెట్టను.

అనుబంధం 2ని పని మొదలయ్యేలోపే, ఫైళ్ల పేర్లతో, వెర్షన్లతో నింపండి. మధ్యలో మీ సొంతది కొత్తగా వాడాల్సివస్తే ఆ రోజే ఈమెయిల్‌లో చెప్పి జాబితాలో చేర్చండి.