పిచ్ డెక్ బాగుంది, 15 లక్షలు పెట్టే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: సార్, మా బావగారి ఫ్రెండ్ హైదరాబాద్‌లో పచ్చళ్ళు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ నడుపుతున్నాడు. పెట్టుబడి కోసం తయారుచేసిన స్లైడ్లు, అదే పిచ్ డెక్, పంపాడు. నెలకి 4,000 ఆర్డర్లు, 36 లక్షల జీఎమ్‌వీ, ఏడాదికి 4.32 కోట్ల రన్‌రేట్, 40 శాతం రిపీట్ అని ఉంది. 12 కోట్ల వాల్యుయేషన్ మీద కోటిన్నర తీసుకుంటున్నాడు, 18 నెలలకి సరిపోతుందట. నేను 15 లక్షలు పెడితే 1.25 శాతం ఇస్తానని ఎంవోయూ రాసిస్తానంటున్నాడు. నా దగ్గర ఎఫ్‌డీలో 22 లక్షలు ఉన్నాయి. అతన్ని ఏమేం అడగాలి?

జవాబు: ముందు ఆ 36 లక్షల స్లైడ్ దగ్గరే ఆగండి, మిగతా డెక్ అంతా దాని మీదే నిలబడి ఉంది. అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది ఏ నెల? డెక్‌లో రన్‌రేట్ అంటే చాలాసార్లు బాగా అమ్ముడైన ఒక నెల తీసుకుని 12తో గుణించడమే, అది దసరా దీపావళి నెల అయితే గిఫ్ట్ బాక్సులూ అవీ కలిసి లెక్క ఎక్కడికో పోతుంది. అందుకని గత 12 నెలలు నెలవారీగా అడగండి, పక్కనే ఆ నెలల జీఎస్టీ రిటర్నులు GSTR-3B, కంపెనీ బ్యాంక్ స్టేట్‌మెంటు కూడా అడగండి. మూడూ పక్కపక్కన పెడితే ఎక్కువ కష్టపడకుండానే తేడా కనపడుతుంది. ఎక్సెల్ షీట్ ఎవరైనా ఎలాగైనా తయారు చేస్తారు, బ్యాంక్ స్టేట్‌మెంటు మాత్రం పీడీఎఫ్‌గా తీసుకోకండి, అతను లాగిన్ అయ్యి స్క్రీన్ మీద చూపిస్తే మేలు.

రెండోది, జీఎమ్‌వీ అంటే కూపన్లు, జీఎస్టీ, వెనక్కొచ్చినవి ఏవీ తీయకముందు ఆర్డర్ల మొత్తం విలువ, అందులోంచి చేతికి ఎంత వస్తోంది? ఒక ఆర్డర్ తీసుకుని లెక్కేద్దాం, ఇందులో సగం అంకెలు నా ఊహ, మీరు అతనిచ్చిన వాటితో మార్చుకోండి. ఆర్డర్ విలువ 900 అనుకుందాం, కూపన్ కింద 100 పోతే కస్టమర్ కట్టేది 800, అందులో 5 శాతం జీఎస్టీ తీసేస్తే కంపెనీకి మిగిలేది 762. సరుకు, జాడీ, ప్యాకింగ్ 330, కొరియర్ 110, పేమెంట్ గేట్‌వే 16 పోతే 306 ఉంటుంది. ఇన్‌స్టా యాడ్స్‌కి ఒక్కో కొత్త కస్టమర్ మీద 250 పెడుతున్నాడనుకోండి, మిగిలేది 56.

ఇక్కడితో అయిపోలేదు, క్యాష్ ఆన్ డెలివరీ ఉందా, ఉంటే ఎన్ని పార్సిళ్ళు వెనక్కి వస్తున్నాయి అని అడగండి. చాలా డెక్‌లలో ఈ అంకె ఉండదు. 15 శాతం వెనక్కొస్తే 4,000 ఆర్డర్లలో నిజంగా ఇంటికి చేరింది 3,400. వెనక్కొచ్చిన ఆ 600కి రానూపోనూ కొరియర్ 200 చొప్పున 1.2 లక్షలు, అంటే చేరిన ఆర్డర్ ఒక్కోదాని మీద 35 రూపాయలు. 56లో 35 పోతే 21! అది కూడా ఆవకాయ జాడీ పగలకుండా, నూనె కారకుండా వెనక్కొస్తేనే, లేకపోతే సరుకు కూడా పోయినట్టే. అమ్మకం కూడా 36 లక్షలు కాదు, 3,400 ఇంటు 762, అంటే దాదాపు 26 లక్షలు. అది కూడా పండగ నెలది, ఏడాది సగటు నెలకి 17 లక్షలు అని తేలితే మొత్తం 2 కోట్లు. అప్పుడు 12 కోట్ల వాల్యుయేషన్ అంటే అమ్మకానికి ఆరు రెట్లు, డెక్ చూసి మీరు అనుకున్నది మూడు రెట్ల లోపు.

అలాంటప్పుడు ఈ బిజినెస్ బతికేది రిపీట్ మీదే, ఎందుకంటే రెండోసారి తనంతట తాను వచ్చిన కస్టమర్ మీద యాడ్ ఖర్చు లేదు, ఆ 306 ఉంటుంది. కాబట్టి 40 శాతం రిపీట్ అంటే ఏంటో గట్టిగా అడగండి. ఆర్డర్లలో 40 శాతం పాత కస్టమర్లవా, లేక కస్టమర్లలో 40 శాతం మంది మళ్ళీ కొన్నారా? రెండూ ఒకటి కాదు, ఓ నాలుగు వందల మంది పచ్చళ్ళ పిచ్చోళ్ళు ప్రతి నెలా నాలుగుసార్లు కొన్నా మొదటి అంకె బాగానే కనపడుతుంది. ఇలా అడగండి: ఏప్రిల్‌లో మొదటిసారి కొన్నవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో సెప్టెంబర్ లోపు కూపన్ లేకుండా మళ్ళీ కొన్నవాళ్ళు ఎంతమంది? ఇలా నాలుగైదు నెలల బ్యాచ్‌లకి ఇవ్వమనండి. వెబ్‌సైట్ డాష్‌బోర్డులోంచి గంటలో తీయొచ్చు, "మా టీమ్ చూస్తోంది" అని రెండు వారాలు లాగితే ఆ అంకె బాలేదనే నేను అనుకుంటాను.

18 నెలలు అన్నది కూడా చూద్దాం. కోటిన్నర బై 18 అంటే నెలకి 8.33 లక్షలు. జీతాలు, అద్దె, మిగతావి కలిపి నెలకి 11 లక్షలు అనుకుంటే, 3,400 ఆర్డర్లూ కొత్త కస్టమర్లవే అయితే 21 చొప్పున వచ్చేది 70 వేలే, ఇంకో 10.3 లక్షలు జేబులోంచి పోతాయి, కోటిన్నర 14 నెలల చిల్లర వస్తుంది. డెక్‌లో అదే పేజీలో కొత్తగా ఆరుగుర్ని తీసుకుంటాం, యాడ్ బడ్జెట్ పెంచుతాం అని ఉంటే ఇంకా ముందే అయిపోతుంది. డబ్బు అయిపోయే నెలకి ఏ అంకె చేరితే తర్వాతి రౌండ్ వస్తుందనుకుంటున్నారు, రాకపోతే ఏ ఖర్చు ముందు కోస్తారు, ఇది అడిగి అతని మొహం చూడండి.

ఇక కాగితాలు. కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ పోర్టల్‌లో 100 రూపాయలు కడితే కంపెనీ ఫైల్ చేసినవి చూడొచ్చు, AOC-4లో లెక్కలు, MGT-7లో ఎవరికి ఎన్ని షేర్లు ఉన్నాయో ఉంటుంది, కంపెనీ చిన్నదైతే MGT-7A. డెక్‌లో చెప్పిన పోయినేడాది అమ్మకం, ఇక్కడున్నది ఒకటేనా చూసుకోండి. తర్వాత బ్రాండ్ పేరు ట్రేడ్‌మార్క్ ఎవరి పేరు మీద ఉంది, ఫుడ్ లైసెన్స్ ఎవరిది, వెబ్‌సైట్ డొమైన్, ఇన్‌స్టా పేజీ ఎవరివి? ఇంట్లో మొదలైన ఫుడ్ బిజినెస్‌లో ఇవి అమ్మ పేరు మీదో భార్య పేరు మీదో ఉండిపోతాయి, మీరు షేర్లు కొనేది కంపెనీలో, బ్రాండేమో కంపెనీది కాదు. డబ్బు ఇచ్చేలోపే వాటిని కంపెనీ పేరుకి మార్చమనాలి.

1.25 శాతం లెక్క కూడా సరిచూడండి. 15 లక్షలు బై 12 కోట్లు అంటే 1.25 వచ్చింది, అంటే కోటిన్నర వచ్చాక వాల్యుయేషన్ 12 కోట్లు ఉండాలి. 12 అన్నది డబ్బు రాకముందుదైతే మొత్తం 13.5, మీ వాటా 1.11. ఆ తర్వాత ఉద్యోగులకి ఇచ్చే షేర్ల కోసం 10 శాతం ఈసాప్ పూల్ పెడితే ఒకటికి వస్తుంది. ఏదో ఒకటి రాతలో తేల్చమనండి.

ఎంవోయూ మాత్రం వద్దు, అది షేర్ కాదు. తర్వాత షేర్లుగా మారే అప్పు, అదే కన్వర్టిబుల్ నోట్, అంటాడేమో, దానికి ఒకేసారి కనీసం 25 లక్షలు పెట్టాలి, పైగా కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ గుర్తింపు ఉన్న స్టార్టప్ అయ్యుండాలి, మీ 15కి కుదరదు. షేర్లుగానో కన్వర్టిబుల్ ప్రిఫరెన్స్ షేర్లుగానో ఇవ్వమనండి. మీ పేరుతో PAS-4 ఆఫర్ లెటర్ వచ్చాకే, మీ అకౌంట్ నుంచి కంపెనీ అందుకోసం తెరిచిన అకౌంట్‌కే వేయండి, అతని ఫోన్‌పే నంబర్‌కి రూపాయి కూడా వద్దు. ఇక మీ 22లో 15 అంటే నా మట్టుకు చాలా ఎక్కువ, పై జవాబులన్నీ బాగున్నా రెండు మూడు లక్షలు దాటొద్దంటాను, అంత చిన్న మొత్తం తీసుకోనంటే వదిలేయండి.

డబ్బు వేశాక 60 రోజుల్లోపు షేర్లు అలాట్ చేయాలి, లేకపోతే తర్వాతి 15 రోజుల్లో వెనక్కివ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీతో. అలాట్ చేసిన 15 రోజుల్లో షేర్లు ఎవరికిచ్చారో చెప్పే PAS-3 ఫైల్ చేయాలి, అప్పటిదాకా ఆ డబ్బు వాడకూడదు కూడా. ఎంసీఏలో మళ్ళీ ఓ 100 కట్టి ఆ PAS-3 తెరిచి, లిస్టులో మీ పేరు, షేర్ల సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి.