పండుగప్పను ఓవెన్‌లో పెట్టేటప్పుడు టైమ్ ఎలా లెక్కేసుకోవాలి?

ప్రశ్న: కేజీ పండుగప్ప తేబోతున్నాను. ఓటీజీలో ఫాయిల్‌లో చుట్టి పెట్టాలా, ఉప్పులో కప్పి పెట్టాలా? ఒక రెసిపీలో అరకేజీ చేపకి 20 నిమిషాలు అని చూశాను. అంటే కేజీకి 40 పెట్టాలా?

జవాబు: 40 వద్దండి, ఆరిపోయి పీచుపీచుగా అవుతుంది. ఫాయిల్‌లో అయితే 200 డిగ్రీల దగ్గర 30 నుంచి 33 నిమిషాలు. ఉప్పులో అయితే 220 దగ్గర 30 నిమిషాలు, బయటికి తీశాక పైన గట్టిపడిన ఉప్పు కప్పును పగలగొట్టకుండా ఇంకో 8 నిమిషాలు.

బరువు రెట్టింపైతే టైమ్ రెట్టింపు కాదు. వేడి చేపలోకి తోక నుంచి తలకి పోదు, రెండు పక్కల నుంచి వెన్నుముల్లు వైపు పోతుంది. అందుకే పొడవుతో పనిలేదు, మందంతోనే పని. అరకేజీ చేపనీ కేజీ చేపనీ పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దది అన్ని వైపులా కొంచెం కొంచెం పెరిగి ఉంటుంది తప్ప రెండింతల మందం ఉండదు. ఒకే రకం చేపలో బరువు రెట్టింపైతే టైమ్ సుమారు ఒకటిన్నర రెట్లు, ఇంకాస్త ఎక్కువ అవుతుంది. ఫాయిల్‌లో 200 దగ్గర అరకేజీకి 20, కేజీకి 32, రెండు కేజీలకి 50 నిమిషాలు అని నేను గుర్తుపెట్టుకుంటాను. అరకేజీ చేపలు రెండు విడివిడిగా చుట్టి ఒకేసారి పెడితే కేజీ లెక్క వేయకండి. అరకేజీ టైమే, మహా అయితే రెండు మూడు నిమిషాలు ఎక్కువ.

ఈ లెక్క పండుగప్ప లాంటి గుండ్రటి చేపలకే. చందువా అదే బరువుకి చాలా పల్చగా ఉంటుంది కాబట్టి త్వరగా ఉడికిపోతుంది. రకం మారినప్పుడు తూకం పక్కన పెట్టి స్కేలుతో మందం కొలవండి. తల వెనక వీపు దగ్గర ఎక్కడ ఎక్కువ లావుందో అక్కడ. కెనడా రూల్ అని పాత లెక్క ఒకటుంది: 230 డిగ్రీల దగ్గర అంగుళం మందానికి 10 నిమిషాలు, ఫాయిల్‌లో చుడితే మొత్తం మీద ఇంకో 5. నేను ఈమధ్య వండిన పండుగప్ప కడుపు శుభ్రం చేశాక 1.1 కేజీ, మందం 5.5 సెంటీమీటర్లు, అంటే 2.2 అంగుళాలు. రూల్ ప్రకారం 230 దగ్గర 27 నిమిషాలు రావాలి. నేను 200 దగ్గరే పెట్టాను. 33వ నిమిషానికి వెన్నుముల్లు పక్కన థర్మామీటర్ 60 చూపించింది. ప్యాకెట్ విప్పకుండా 5 నిమిషాలు పక్కన పెడితే 63కి చేరింది. ఆహార భద్రత కోసం చెప్పే అంకె ఆ 63.

థర్మామీటర్ లేకపోతే సన్నటి పుల్ల చాలు. ఇనుపదై ఉండాలి. వీపు లావుగా ఉన్న చోట వెన్నుముల్లు తగిలేదాకా గుచ్చి, పది లెక్కపెట్టి, తీసి కింది పెదవికి ఆనించండి. చల్లగా ఉంటే లోపల పచ్చే. చురుక్కుమనకుండా బాగా వెచ్చగా తగిలితే అయిపోవచ్చినట్టే, ఐదు నిమిషాలు అలా వదిలేయండి. గట్టిగా చురుక్కుమంటే వెంటనే ప్యాకెట్ విప్పేయండి, మూసి ఉంచితే ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. వీపు మీది రెక్క లాగితే సులువుగా ఊడి రావడం ఇంకో గుర్తు. విప్పాక వెన్నుముల్లు దగ్గర మాంసం గాజులా మెరుస్తూ ముల్లుని పట్టుకుని ఉంటే మళ్లీ మూసి 4 నిమిషాలు పెట్టండి.

ఓటీజీకి రెండు మాటలు. డయల్ మీది 200 లోపల 200 అవ్వాలని లేదు, చాలావాటిలో తేడా ఉంటుంది. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొనుక్కోండి. పైనా కిందా రెండు రాడ్లూ వేసి 15 నిమిషాలు వేడెక్కనివ్వండి, ఫ్యాన్ ఉంటే 20 డిగ్రీలు తగ్గించండి. చేప కొనే ముందు ట్రే కొలుచుకోవడం మరవకండి. కేజీ పండుగప్ప 40 సెంటీమీటర్లు దాటుతుంది, చిన్న ఓటీజీ ట్రేలో ఐమూలగా పెట్టినా తోక కత్తిరించాల్సి రావచ్చు.

మసాలా కావాలంటే ఫాయిలే. పొలుసు తీయించి, రెండు వైపులా మూడేసి గాట్లు పెట్టి పట్టించవచ్చు. చింతపండు, నిమ్మరసం, ఉప్పు అల్యూమినియానికి నేరుగా తగిలితే రియాక్షన్ జరుగుతుంది, ఫాయిల్‌కి చిల్లులు కూడా పడతాయి. అందుకని మంట మీద వాడ్చిన అరటాకులో ముందు చుట్టి, దాని మీద ఫాయిల్ వేస్తాను. అంచులు గట్టిగా మడిచి, పైన కాస్త ఖాళీ వదలండి, ఆవిరి తిరగాలి. ఫాయిల్ మెరిసే వైపు లోపలికా బయటికా అన్నది పట్టించుకోనక్కర్లేదు.

ఉప్పు పద్ధతి స్పెయిన్ లాంటి మధ్యధరా తీరాల్లో మామూలు వంట. అక్కడ సీబాస్, సీబ్రీమ్ చేపల్ని ఇలా చేస్తారు. మన పండుగప్ప కూడా దీనికి బాగా సరిపోతుంది, పొలుసు మందం కాబట్టి. ఆ పొలుసే ఉప్పుకీ మాంసానికీ మధ్య అడ్డుగోడ. అందుకే మార్కెట్‌లో కత్తి పడకముందే చెప్పాలి: పొలుసు తీయొద్దు, గాట్లు పెట్టొద్దు, మొప్పలు తీసి చిన్న కోతలోంచే పేగులు లాగేయమని. మామూలుగా అయితే అడగకుండానే పొలుసు గీకేస్తారు. గీకేసినా పొట్ట బారుగా కోసేసినా ఆ చేపను ఫాయిల్‌కే వాడుకోండి.

కేజీ చేపకి రెండు కేజీల రాళ్ల ఉప్పు పడుతుంది. మూడు గుడ్ల తెల్లసొన, కాసిని నీళ్లు కలిపి, గుప్పిట్లో నొక్కితే తడి ఇసుకలా నిలబడేలా చేసుకోవాలి. ట్రేలో వేలెడు మందం పరిచి, తుడిచి ఆరబెట్టిన చేపను దానిమీద పెట్టి, పొట్టలో వెల్లుల్లి, కరివేపాకు, నిమ్మచెక్కలు కూరి, కోతను ఆకుతో మూసి, మిగతా ఉప్పు కప్పి నొక్కండి. లోపలికి చూడటం కుదరదు కాబట్టి పుల్ల గానీ థర్మామీటర్ గానీ ఉప్పులోంచే గుచ్చాలి. 57 దగ్గరే బయటికి తీయండి. వేడెక్కిన ఉప్పు వెంటనే చల్లారదు, ఆ 8 నిమిషాల్లో మిగతా ఆరేడు డిగ్రీలు అదే పెంచుతుంది. 63 వచ్చేదాకా ఓవెన్‌లోనే ఉంచితే, పగలగొట్టేసరికి 70 దాటుతుంది.

మొదటిసారే అయితే నేను ఫాయిలే పెట్టమంటాను, చాలకపోతే విప్పి చూసుకుని మళ్లీ పెట్టొచ్చు. ఉప్పు కప్పు ఒకసారి పగిలితే ఇక అంతే. దాన్ని చెంచా వెనకతో పక్కల వెంబడి కొట్టి పెద్ద పెద్ద పెళ్లలుగా ఎత్తండి, రాలిన రవ్వలు బ్రష్‌తో దులిపాకే చర్మం ఒలవండి. చుట్టాలు వచ్చేదాకా కప్పులోనే ఉంచుదాం అనుకోవద్దు. ఎంతసేపు ఉంచితే అంత ఉప్పు లోపలికి దిగుతుంది.