ఇయర్‌బడ్ సౌండ్ మందగించిందా? ముందు చెవి మార్చి వినండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. విజయవాడ పటమటలో రూమ్‌లో ఉంటూ గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. ఆన్‌లైన్ క్లాసులు రోజూ ఆరేడు గంటలు ఇయర్‌బడ్స్‌తోనే వింటాను. పది రోజులుగా ఎడమ బడ్‌లో సౌండ్ గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంటోంది. వాల్యూమ్ పెంచి నెట్టుకొస్తున్నాను. ఆ చెవిలో కొంచెం దురద కూడా ఉంది. పిన్నీసుతో బడ్ జాలీ గోకబోతే అమ్మ వద్దంది, శానిటైజర్ వేసి కడిగేయమని ఫ్రెండ్ అంటున్నాడు. లోపం నా చెవిదా, బడ్‌దా? టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఈ రాత్రికే ఒక పని చేయండి, రెండు నిమిషాలు చాలు. మీరు రోజూ వినే క్లాసు వీడియో ఒకటి పెట్టండి. పాట వద్దు, పాటల్లో ఎడమవైపు ఒక వాయిద్యం, కుడివైపు ఇంకోటి వచ్చేలా కలుపుతారు కాబట్టి తేడా సరిగా తెలియదు. మాస్టారి గొంతయితే రెండువైపులా ఒకేలా వస్తుంది. ఇప్పుడు ఎడమ బడ్ తీసి కుడి చెవికి, కుడి బడ్ తీసి ఎడమ చెవికి పెట్టుకోండి. వాటి ఆకారం కుదరదు, లోపలికి దూర్చక్కర్లేదు, రెండింటినీ వేళ్లతో ఒకేలా పట్టుకుంటే చాలు. మందంగా వినిపించడం బడ్‌తో పాటే కుడి చెవిలోకి వచ్చేసిందా, లోపం బడ్‌ది. బడ్ మార్చినా ఎడమ చెవిలోనే ఉండిపోయిందా, ఇక ఆ బడ్‌ని ఎంత శుభ్రం చేసినా లాభం లేదు, చూడాల్సింది చెవిని. దీనికి ముందే ఫోన్‌లో Accessibility సెట్టింగ్స్ తెరిచి, ఎడమ కుడి సౌండ్ బ్యాలెన్స్ సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకోండి. వేలు తగిలి అది ఒక పక్కకు జరిగిపోయి, చెవి పోయిందేమోనని భయపడుతూ వచ్చినవాళ్లు నాకు తెలుసు.

మూడో సంగతి కూడా ఒకటుంది, రెండింట్లోనూ లోపం ఉండటం. పోయిన ఎండాకాలం గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన ఇలాగే వచ్చారు. కుడి బడ్ మందగించిందని సూదితో గోకారు, అయినా బాగుపడలేదని కొత్త జత కొన్నారు, అందులోనూ కుడివైపు మందంగానే ఉంది. పాతవి కూడా తెమ్మని ఇందాక చెప్పిన పరీక్షే ఆయన చేత చేయించాను. పాత కుడి బడ్ రెండు చెవుల్లోనూ మందంగానే ఉంది, కొత్త బడ్ మాత్రం కుడి చెవిలోనే మందంగా ఉంది. అంటే పాత బడ్ మూసుకుపోయిన మాటా నిజమే, చెవి మూసుకుపోయిన మాటా నిజమే. చెవులు చూసే మైక్రోస్కోప్ కిందే ఆ పాత బడ్‌ని పెట్టి చూపించాను. జాలీ మీద పసుపుపచ్చగా, మైనం పూసినట్టు ఒక పొర, ఆ పొరలో ఎర్రగా మిర్చి దుమ్ము అతుక్కుని ఉంది. సూది దిగిన చోట జాలీ లోపలికి సొట్టపోయి, అంచు కాస్త లేచింది. చెవిలో గులిమి తీయడానికి ఐదు నిమిషాలు పట్టింది, ఆయనకు వెంటనే మామూలుగా వినిపించింది. పాత బడ్‌ని బ్రష్‌తో దులిపితే సౌండ్ కొంత తిరిగొచ్చింది కానీ పూర్తిగా రాలేదు, సూదితో పొడిచినప్పుడు ఆ గులిమి కాస్తా జాలీ దాటి లోపలికి వెళ్లిపోయింది మరి. మీ అమ్మగారు పిన్నీసు వద్దన్నది అందుకే సరైన మాట.

అసలు గులిమి అక్కడికి ఎలా చేరుతుందో చెబుతాను, అప్పుడు శుభ్రం చేసే పద్ధతి దానంతట అదే అర్థమవుతుంది. చెవి దారిలోని చర్మం లోపలి నుంచి బయటికి మెల్లగా జరుగుతూ, గులిమిని కూడా తనతో మోసుకొస్తుంది. ఆరేడు గంటలు ఆ దారికి బడ్ అడ్డుగా ఉంటే బయటికి రావాల్సింది టిప్ అంచుకీ, టిప్ మధ్య కన్నంలో నుంచి జాలీకీ అంటుకుంటుంది. గులిమిలో జిడ్డు ఉంటుంది, చెవి వేడికీ చెమటకీ మెత్తబడి జాలీ కన్నాల్లోకి పాకుతుంది, బడ్ తీసి పక్కన పెట్టాక అక్కడే గట్టిపడుతుంది. రోజుకో పూత చొప్పున పడుతుంటుంది కాబట్టి మీకు తెలిసేసరికే సగం కన్నాలు మూసుకుపోయి ఉంటాయి. ముందుగా పోయేవి స, ష, చ లాంటి పదునైన శబ్దాలు, అందుకే గోడ అవతల మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అలా కాకుండా గొంతు పలచగా, బరువు లేకుండా వినిపిస్తోందంటే జాలీ సంగతి కాదు, టిప్ చెవికి సరిగ్గా పట్టడం లేదు, సైజు మార్చండి లేదా పాత టిప్ సాగిపోయి ఉంటే కొత్తది వేయండి.

ఇక శుభ్రం చేయడం. ముందు రబ్బరు టిప్స్ రెండూ ఊడదీయండి. టిప్ తీసేసి బడ్ కన్నాన్ని ఫోన్ టార్చ్ వెలుగులో వాల్చి చూడండి. శుభ్రంగా ఉన్న జాలీ అయితే సన్నని చుక్కలన్నీ విడివిడిగా కనిపిస్తాయి, మూసుకుపోయినదైతే ఆ చుక్కలు కలిసిపోయి నూనె రాసినట్టు మెరుస్తుంది. దీనికి కావాల్సిన పనిముట్టు చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్, కొత్తది, పొడిది. బడ్‌ని జాలీ కిందికి చూసేలా పట్టుకుని, బ్రష్‌ని కింది నుంచి తగిలిస్తూ ఒక నిమిషం సేపు నెమ్మదిగా దులపండి. కిందికి చూసేలా అని ఎందుకంటున్నానంటే, పైకి పెట్టి రుద్దితే ఊడిన పొడి మళ్లీ కన్నంలోకే పడుతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. మధ్యమధ్యలో బ్రష్‌ని కళ్లజోడు తుడుచుకునే గుడ్డకు తుడుచుకోండి, మళ్లీ టార్చ్ వేసి చూడండి. గట్టిపడ్డ పొర ఒక్కసారికి రాదు, రెండు మూడు రోజులు రోజుకోసారి దులపండి, అంతేగానీ ఒత్తిడి పెంచకండి. నోటితో గట్టిగా ఊదడం కూడా వద్దు, ఊపిరిలో తేమ ఉంటుంది, పైగా ఆ ఊపుకి గులిమి లోపలికే పోతుంది.

శానిటైజర్ మాట పక్కన పెట్టేయండి. స్పిరిట్ గులిమిని కరిగిస్తుంది, నిజమే, కానీ కరిగినది ఎక్కడికి పోతుంది? తడితో పాటు జాలీ దాటి లోపలున్న పలచటి పొర మీద పడి అక్కడ ఆరిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఏ బ్రష్షూ అందుకోలేదు. శానిటైజర్ జెల్ అయితే అందులోని జిగురు కూడా మిగిలిపోతుంది. బడ్ పైతొడుగును మాత్రం స్పిరిట్ కొద్దిగా అద్దిన గుడ్డతో తుడవొచ్చు, జాలీకి తగలనివ్వకండి. డబ్బా మీద IPX4 అని ఉంది కదా అని కుళాయి కింద పెట్టేవాళ్లూ ఉన్నారు, అది చినుకులకూ చెమటకూ తట్టుకోవడం మాత్రమే. కొన్ని కంపెనీలు జాలీకి ప్రత్యేకంగా ఫలానా ద్రవం వాడొచ్చని తమ మాన్యువల్‌లో రాస్తాయి, మీ మోడల్‌కి అలా ఉంటే వాళ్లు చెప్పిన కొలత ప్రకారం చేయండి, లేకపోతే పొడి బ్రష్ దగ్గరే ఆగండి.

నీళ్లతో కడగాల్సింది టిప్స్‌ని మాత్రమే. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, ఒక్క చుక్క షాంపూ, అందులో ఐదు నిమిషాలు ఉంచి వేలితో లోపలా బయటా తోమి, నురగ పోయేదాకా మంచినీళ్లతో కడగండి, సబ్బు మిగిలితే అదే చెవికి దురద తెస్తుంది. ఇక్కడి నుంచే అసలు జాగ్రత్త. రబ్బరు టిప్‌ని గొడుగులా బయటికి తిరగేసి చూడండి, లోపలి గొట్టానికీ బయటి రేకకీ మధ్య సందులో నీటిబొట్టు దాక్కుని ఉంటుంది. పైపైన తుడిచేస్తే అది కనిపించదు, బడ్‌కి తగిలించి నొక్కగానే జాలీ మీదికి జారుతుంది, సౌండ్ మళ్లీ మూసుకుపోయినట్టవుతుంది. అందుకని తిరగేసి విదిలించి, పాత నూలు పంచె గుడ్డ మీద తిరగేసే ఉంచి, ఫ్యాన్ కింద రాత్రంతా వదిలేయండి. వానాకాలంలో మన దగ్గర గాలిలోనే తేమ ఉంటుంది, రెండు గంటల్లో ఆరిపోయిందనుకోకండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు, బియ్యం డబ్బాలో అసలే వద్దు, తవుడు దుమ్ము జాలీలో కూరుకుపోతుంది. బడ్స్‌కి చెమటో తేమో తగిలి ఉంటే అవి కూడా ఆరాకే కేసులో పెట్టండి, తడితో పెట్టి చార్జ్ చేస్తే అడుగునున్న రాగిరంగు చుక్కలు చిలుముపడతాయి. స్పాంజిలా ఉండే ఫోమ్ టిప్స్ అయితే ఈ కడుగుడు కూడా వద్దు, తడి పీల్చుకుని ఒక పట్టాన ఆరవు, పొడి గుడ్డతో తుడిచి, పాడైతే మార్చేయండి.

ఇలా వారానికోసారి చేస్తే చాలు, రోజూ పడుకోబోయే ముందు టిప్స్‌ని పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే ఇంకా మంచిది. అది బాగయ్యేదాకా వాల్యూమ్ మాత్రం పెంచకండి. ఎడమ బడ్ కోసం మీరు పెంచిన సౌండంతా బాగా వినిపించే కుడి చెవిలో పడుతోంది, రోజుకు ఆరేడు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి వెళితే 4 గంటలే. మీ క్లాసుల టైమ్‌ని దానితో పోల్చుకోండి.

దురద గురించి. తడి టిప్ చెవిలో పెట్టుకునేవాళ్లకు ఫంగస్ వస్తుంది, మన కోస్తా ఉక్కపోతలో ఇది నేను తరచుగా చూసేదే. చెవిలో తడిసిన న్యూస్‌పేపర్ ముక్కలా, మీద నల్లచుక్కలతో కనిపిస్తుంది, దురద ముందు, నొప్పీ దిబ్బడా తర్వాత. మీకు అదేనని చూడకుండా చెప్పలేను, కానీ వారం పాటు ఎడమ చెవికి బడ్ పెట్టకండి, పుల్లలూ దూదిపుల్లలూ పెట్టి తిప్పకండి, వేడి నూనె పోయకండి. నూనె పడితే ఫంగస్‌కి ఇంకా తేమ దొరుకుతుంది, తర్వాత బడ్ పెడితే జాలీ కూడా జిడ్డెక్కుతుంది. వారంలో దురద తగ్గకపోతే, లేదా చీము కారడమో నొప్పో మొదలైతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

చెవి మార్చిన పరీక్షలో లోపం ఎడమ చెవిలోనే అని తేలితే ఇంకొకటి చేయండి. నోరు మూసుకుని మ్‌మ్‌మ్ అని మూలగండి. ఆ శబ్దం మందంగా ఉన్న చెవిలోనే గట్టిగా మోగితే చాలావరకు గులిమి లాంటి అడ్డే ఉంటుంది. బాగున్న కుడి చెవి వైపు మోగితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. వినికిడి నరం ఒక్కసారిగా దెబ్బతిన్నా సరిగ్గా ఇలాగే, బడ్ పాడైనట్టే అనిపిస్తుంది, దానికి మందు మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, రెండు వారాలు దాటితే అవకాశం బాగా తగ్గుతుంది. మీకు ఇప్పటికే పది రోజులు అన్నారు. తల తిరగడం, చెవిలో హోరు ఉన్నా అంతే, ఇంటి పరీక్షలు మానేసి రేపు ఉదయమే వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ సౌకర్యం ఉన్న చోటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ బడ్స్‌ని కడగకుండా, ఉన్నవి ఉన్నట్టుగా ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.

– ఈఎన్‌టీ వైద్యులు, కొత్తపేట, గుంటూరు