ముఖం ఒక్కటే మార్చాలా, కాలర్‌తో సహా తల మొత్తమా?

ప్రశ్న: గ్రూప్ ఫొటోలో అందరూ బాగా పడ్డారు, మా తమ్ముడు మాత్రం కళ్లు మూసేశాడు. ఆ వెంటనే తీసిన ఇంకో ఫొటోలో నవ్వుతూ చక్కగా ఉన్నాడు, కాకపోతే తల కొంచెం పక్కకు తిప్పాడు. ఫొటోషాప్‌లో ఆ ముఖం కోసి ఇక్కడ అతికిస్తే మాస్కు పెట్టుకున్నట్టుంది. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు. తల మొత్తం మార్చాలా? మెడ, కాలర్ కూడా తేవాలా?

జవాబు: మీ ఫొటోకైతే కాలర్‌తో సహా తెచ్చేయండి. చొక్కా రెండింట్లోనూ అదే, ఫొటోలు వెంటవెంటనే తీసినవి, తల తిరిగి ఉంది. ఈ మూడూ కలిసినప్పుడు ముఖం మాత్రమే మార్చడమే కష్టమైన పని. చిన్న ముక్క మారిస్తే చిన్న పని అవుతుందనుకుంటాం కానీ, ఇక్కడ చూడాల్సింది ముక్క సైజు కాదు, అతుకు ఎక్కడ పడుతోందన్నది. చెంప మధ్యలోనో గొంతు మీదో అతుకు పడితే, రంగులో ఇసుమంత తేడా ఉన్నా కన్ను పట్టేస్తుంది. ఎందుకంటే అక్కడ చర్మం ఎలాంటి గీతా లేకుండా సాగిపోతుంది. అదే అతుకు కాలర్ అంచు మీద పడితే, అక్కడ ముందే ఒక గీత, దాని కింద సన్నటి నీడ ఉంటాయి. ఆ చోట కాస్త తేడా వచ్చినా ఎవరూ గమనించరు.

తల తిప్పినప్పుడు మెడ కూడా మారుతుంది. చెవి వెనక నుంచి గొంతు గుంట దాకా వచ్చే కండరం ఒక వైపు ఉబ్బి తాడులా కనిపిస్తుంది. గడ్డం నీడ మెడ మీద వేరే చోట పడుతుంది. మెడకూ కాలర్‌కూ మధ్య సందు ఒక వైపు తగ్గి, రెండో వైపు పెరుగుతుంది. పక్కకు తిరిగిన ముఖాన్ని నిటారుగా ఉన్న మెడ మీద పెడితే ఇవేవీ కుదరవు. రంగు ఎంత సరిచేసినా ఏదో తేడాగా ఉందనిపించేది అందుకే. ఆ తేడా రంగులో ఉందనుకుని గంటలకొద్దీ స్లైడర్లు తిప్పేవాళ్లు చాలామంది.

ముఖం మాత్రమే మార్చడం మంచి పద్ధతయ్యే సందర్భం ఉంది. తల రెండు ఫొటోల్లోనూ ఒకే కోణంలో ఉండి, కళ్లు మాత్రమే తేడా అయితే అదే మేలు. జుట్టు అంచులతో కుస్తీ ఉండదు. నన్నడిగితే అప్పుడు ముఖం మొత్తం కూడా అక్కర్లేదు. కనుబొమల పైనుంచి చెంప ఎముకల దాకా ఒక పట్టీ చాలు. కోణం ఒకటేనా కాదా అని తేల్చుకోవడం సులభం: ముక్కు కొన నుంచి రెండు చెవులకూ ఉన్న దూరం చూడండి. ఒక ఫొటోలో రెండు చెవులూ సమానంగా కనిపించి, రెండో దాంట్లో ఒక చెవి సగం దాక్కుంటే ఇక ముఖం ఆలోచన మానేయండి.

మొదలుపెట్టే ముందు ఇంకొకటి చూసుకోవాలి. ముక్కు నీడ రెండు ఫొటోల్లోనూ ఒకే వైపు పడుతోందా? లేకపోతే ముఖం తెచ్చినా తల తెచ్చినా ఉపయోగం లేదు, ఇంకో ఫొటో వెతుక్కోవాలి. ఫొటోను అద్దంలోలా తిప్పేసి నీడ సరిచేద్దామని కొందరు చూస్తారు. పాపిడి అటు నుంచి ఇటు మారిపోతుంది, చొక్కా గుండీల పట్టీ ఎడమకుడి అయిపోతుంది, ఇంట్లోవాళ్లకు ఆ ముఖమే కొత్తగా కనిపిస్తుంది.

ఇక పని. అందరూ బాగున్న ఫొటో కింది లేయర్, తమ్ముడు నవ్విన ఫొటో మొత్తం పై లేయర్. తల కత్తిరించి తేవద్దు, ఫొటో మొత్తం తెండి. రెండు లేయర్లూ సెలెక్ట్ చేసి `Edit > Auto-Align Layers`లో `Reposition` ఎంచుకోండి. అది ఫొటోను వంచకుండా జరిపి సరిపెడుతుంది. కెమెరా పెద్దగా కదలకపోతే గోడలు, కిటికీలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. తర్వాత పై లేయర్ సెలెక్ట్ చేసి, `Alt` నొక్కి మాస్క్ ఐకాన్ క్లిక్ చేస్తే నల్లటి మాస్క్ వచ్చి పై ఫొటో మొత్తం మాయమవుతుంది. తెల్ల బ్రష్‌తో తమ్ముడి తల ఉన్న చోట పూస్తే అక్కడ మాత్రం పై ఫొటో బయటపడుతుంది.

ఇక్కడ చాలామంది జుట్టు అంచు వెంట జాగ్రత్తగా బ్రష్ నడుపుతారు. అవసరం లేదు. వెనక గోడ రెండు ఫొటోల్లోనూ కుదిరింది కాబట్టి, జుట్టుకు వేలెడు దూరంలో గోడ మీదే మెత్తటి బ్రష్‌తో అంచు వేయండి. జుట్టు దాని వెనక ఉన్న గోడతో సహా వచ్చేస్తుంది. పాత తల కొత్త తల వెనక నుంచి తొంగిచూసే ప్రమాదం కూడా పోతుంది. తల వెనక ఇంకొకరి భుజమో ముఖమో ఉంటే మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. ఆ కాస్త భాగంలో జుట్టు అంచునే పట్టుకోవాలి.

కింద కాలర్ దగ్గర బ్రష్ గట్టిగా ఉండాలి, హార్డ్‌నెస్ 80 పైన పెట్టండి. కాలర్ బయటి అంచు వెంట పోతూ, దాని కింద పడే సన్నటి నీడను కూడా కలుపుకుని, చొక్కా మీదకు కొన్ని పిక్సెళ్లు దిగండి. అలా దిగకపోతే పాత కాలర్ అంచు కింద నుంచి రెండో గీతలా కనిపిస్తుంది. ముందు వైపు కాలర్ మొనల దగ్గర ఆగకుండా మొదటి గుండీ దాటాక ఆపితే, గుండీ సగం ఇటూ సగం అటూ అవ్వదు. తమ్ముడు ఫొటోకీ ఫొటోకీ మధ్య కొంచెం కదిలి ఉంటే కాలర్ చొక్కా మీద సరిగ్గా కూర్చోదు. అప్పుడు లేయర్‌కూ మాస్క్‌కూ మధ్య ఉన్న గొలుసు గుర్తు తీసేసి, ఫొటో థంబ్‌నెయిల్ మీద క్లిక్ చేసి, `Ctrl+T`తో పై ఫొటోను గుండీల పట్టీ కలిసేదాకా జరపండి. గోడ సాదాగా ఉంటే ఆ జరుపుడు కనిపించదు. చారల చొక్కా అయితే మాత్రం టెన్షనే. చారలు ఎక్కడ తెగుతాయో అక్కడ అతుకు బయటపడుతుంది కాబట్టి, భుజం మీది కుట్టు దాకా పోయి అక్కడ ఆపాలి.

రంగుకు వద్దాం. కాలర్ తేవడంలో ఇంకో లాభం ఇక్కడే ఉంది. చర్మాన్ని చర్మంతో పోల్చి రంగు సరిచేయడం నమ్మదగిన పద్ధతి కాదు. ఎండ తగిలే ముఖం, కాలర్ మాటున ఉండే మెడ మామూలుగానే ఒక రంగులో ఉండవు. అందువల్ల కొత్త ముఖాన్ని పాత మెడకు సరిపెట్టబోతే ఉన్న తేడా కూడా పోయి బొమ్మలా తయారవుతుంది. చొక్కా అలా కాదు. రెండు ఫొటోల్లోనూ అదే బట్ట, దాని రంగు మారే అవకాశం లేదు. తేడా కనిపిస్తే అది వెలుతురుదో కెమెరాదో మాత్రమే.

ఐడ్రాపర్ టూల్‌లో `Sample Size`ను `5 by 5 Average`కు మార్చి, `F8` నొక్కి `Info` ప్యానెల్ తెరవండి. కాలర్ మీద ఒకే చోట రెండు ఫొటోల్లోనూ అంకెలు చూడండి. మీ తమ్ముడిది తెల్ల చొక్కా అనుకుందాం. కింది ఫొటోలో ఎరుపు 214, ఆకుపచ్చ 212, నీలం 205 ఉన్నాయి. పై ఫొటోలో 226, 219, 198 ఉన్నాయి. అంటే కెమెరా రెండోసారి కాస్త ఎక్కువ వెలుగు తీసుకుంది, పసుపు వైపు జరిగింది. పై లేయర్ మీద `Curves` వేసి, `Ctrl+Alt+G`తో ఆ ఒక్క లేయర్‌కే కట్టేయండి. రెడ్ చానెల్‌లో ఒక పాయింట్ పెట్టి ఇన్‌పుట్ 226, అవుట్‌పుట్ 214. గ్రీన్‌లో 219కి 212. బ్లూలో 198కి 205. కాలర్ కుదిరిందంటే చర్మం చాలావరకు దానంతటదే కుదురుతుంది. మిగిలే చిన్న తేడాకు గడ్డం కింది నీడను గడ్డం కింది నీడతోనే పోల్చండి, నుదుటితో వద్దు. కాలర్ మీద అంకెలు 255 దగ్గర ఉంటే ఆ చోటు పనికిరాదు. వెలుగు ఎక్కువై అక్కడి వివరమే పోయింది, నీడలో ఉన్న మడత చూసుకోండి.

అయిపోయిందనుకున్నాక అన్నిటి పైన ఒక `Hue/Saturation` లేయర్ వేసి శాచురేషన్ +60 చేయండి. మామూలుగా కనపడని రంగు తేడా అప్పుడు మరకలా బయటపడుతుంది. సరిచేసుకుని ఆ లేయర్ తీసేయండి. జింప్ వాడేవాళ్లకు మాస్క్, కర్వ్స్ రెండూ ఉన్నాయి. ఆటో అలైన్ మాత్రం లేదు. పై లేయర్ ఒపాసిటీ సగానికి తగ్గించి, చేత్తో జరిపి కలపాలి.

చివరగా, మీరు అడగలేదు కానీ చాలామందికి వచ్చేది: రెండు ఫొటోల్లో చొక్కాలు వేరైతే ఏం చేయాలి? అప్పుడు తల, మెడ మాత్రమే తెచ్చి, కాలర్ పాతదే ఉంచాలి. కానీ ఆ కాలర్‌ను రెండుగా విడదీయాలి. గొంతు ముందు ఉండే కాలర్ భాగం కొత్త మెడ మీదకు రావాలి, మెడ వెనక కనిపించే లోపలి భాగం కొత్త మెడ కిందకు పోవాలి. అందుకని కాలర్ ముందు భాగాన్ని సెలెక్ట్ చేసి `Ctrl+J`తో ఇంకో లేయర్ చేసి పైన పెట్టండి. ఆ కాలర్ నుంచి మెడ మీద పడాల్సిన నీడ కోసం, మధ్యలో ఒక `Multiply` లేయర్ వేసి, ముదురు గోధుమ రంగుతో మెత్తగా గీయండి. నల్ల రంగు వాడితే మసి పూసినట్టవుతుంది. ఇంకో చిక్కు, బట్ట తన రంగును గడ్డం కిందకు విసురుతుంది. ఎర్ర చొక్కా వేసుకున్న మనిషి దవడ కింద ఎర్రటి ఛాయ ఉంటుంది. ఆ తలను నీలం చొక్కా మీద పెడితే ఆ ఎరుపుకు కారణం కనపడదు. దవడ కింద మాత్రమే సెలెక్ట్ చేసి ఎరుపు శాచురేషన్ తగ్గించాలి. ముఖం మీద మాత్రం చేయి వేయకండి.