నాన్న డిపాజిట్‌కి వడ్డీ నెలనెలానా, చివర్లోనా?

అమ్మా స్వాతీ,

నీ మెసేజ్ చూశాను. నాన్నగారికి రిటైర్‌మెంట్‌లో వచ్చిన 10 లక్షలు ఐదేళ్లకి ఎఫ్‌డీ వేద్దామనుకుంటున్నారని, వడ్డీ నెలనెలా తీసుకోవాలా, చివర్లో అంతా ఒకేసారి తీసుకోవాలా అని అడిగావు. "రెండింటికీ 7 శాతమే కదా మావయ్యా, మరి చివర్లో వచ్చే మొత్తంలో ఇంత తేడా ఎందుకు?" అన్నావు చూడు, ముందు దాని సంగతి చెబుతాను. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాను. ఆ ప్రశ్న అడగకుండా సంతకం పెట్టి వెళ్లినవాళ్లే ఎక్కువ.

వడ్డీ తీసుకోకుండా వదిలేసే డిపాజిట్‌లో బ్యాంకు మూడు నెలలకోసారి వడ్డీ లెక్కగట్టి అసలులో కలుపుతుంది. 10 లక్షల మీద మొదటి మూడు నెలల వడ్డీ 17,500. తర్వాతి మూడు నెలలకి వడ్డీ 10 లక్షల మీద కాదు, 10,17,500 మీద పడుతుంది. అలా ఐదేళ్లలో ఇరవై సార్లు కలుస్తుంది. ఆఖరి మూడు నెలలకి వచ్చే వడ్డీ ఎంతో తెలుసా? 24,333. రేటు అదే 7 శాతం, అసలు మాత్రం పెరిగింది. ఐదేళ్లు నిండిన రోజున చేతికొచ్చేది 14,14,778.

నెలనెలా తీసుకుంటే అసలు 10 లక్షల దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. 10 లక్షలకి 7 శాతమంటే ఏడాదికి 70,000, పన్నెండుతో భాగిస్తే నెలకి 5,833 రావాలి కదా అనుకుంటారు. ఖాతాలో మాత్రం 5,799 పడుతుంది. బ్యాంకు మోసం చేసిందని కౌంటర్ దగ్గర గొడవపడ్డవాళ్లని చూశాను. మోసమేమీ లేదు. వడ్డీ మూడు నెలలకోసారి ఇవ్వాల్సింది, నువ్వు ముందే అడిగావు కాబట్టి ఆ ముందరి రోజులకి కొంచెం తగ్గించి ఇస్తారు. అరవై నెలలకి అది 3,47,940 అవుతుంది. అసలుతో కలిపి 13,47,940. రెండింటికీ తేడా 66,838 రూపాయలు.

అయితే ఈ 66,838 చూసి నెలవారీ వడ్డీ నష్టం అనేసుకోకు. నెలనెలా వచ్చే ఆ 5,799 ఎక్కడికి వెళుతుందో చూడాలి. ఇంటి ఖర్చుకి, మందులకి వాడుకుంటే ఆ డబ్బు తన పని తాను చేసినట్టే, నష్టమన్న మాటే లేదు. వాడుకోకుండా సేవింగ్స్ ఖాతాలో పడి ఉంటే మాత్రం నష్టమే. పెద్ద బ్యాంకులు చాలావరకు ఇప్పుడు సేవింగ్స్‌కి ఇచ్చేది 2.5 శాతమే. ఆ లెక్కన ఐదేళ్లకి అంతా కలిపి దాదాపు 13,70,000 అవుతుంది. అంటే ఏ అవసరమూ తీరకుండానే 44,000కు పైగా పోయినట్టు. అదే నెలవారీ వడ్డీని 7 శాతానికి రికరింగ్ డిపాజిట్‌లోకి మళ్లిస్తే మళ్లీ 14 లక్షల చిల్లరకే చేరతావు. ఎందుకంటే ఆ వడ్డీకి మళ్లీ వడ్డీ పుడుతుంది, చక్రవడ్డీ అంటే అదే కదా.

ఇది నాకు స్వయంగా తెలిసిన తప్పు. నేను రిటైరైన కొత్తలో అలవాటు కొద్దీ నెలవారీ వడ్డీ పెట్టించాను. పెన్షన్‌తో ఇల్లు సాఫీగా జరిగిపోయేది. మూడేళ్ల తర్వాత పాస్‌బుక్ ప్రింట్ చేయించి చూస్తే ప్రతి నెలా అదే తేదీన వడ్డీ జమ, దాని ఎదురుగా ఒక్క డ్రా కూడా లేదు. ముప్పై ఆరు వరసలు వేలితో లెక్కపెట్టాను. చాలా బాధపడ్డాను.

అందుకని మీ నాన్నగారిని నేరుగా అడుగు. పెన్షన్ పోను నెలకి ఇంకెంత తగ్గుతోంది? మొన్న ఫోన్లో బావగారు బీపీ, షుగర్ మందులకి మూడు వేల పైనే అవుతోందన్నారు. ఆయన తగ్గించి చెబుతారని నా అనుమానం, మీ అమ్మని కూడా అడుగు. నిజంగా అంతే అయితే 10 లక్షలూ ఒకే డిపాజిట్ వేయించకు. 6 లక్షలు నెలవారీ వడ్డీకి వేయించు, నెలకి 3,479 వస్తుంది, మందులకి సరిపోతుంది. మిగతా 4 లక్షలు వడ్డీ అసలులో కలిసే డిపాజిట్‌లో వేస్తే ఐదేళ్లకి 5,65,911 అవుతుంది. నా మాట ఇదే.

రెండుగా విడగొట్టమనడానికి ఇంకో కారణం ఉంది. ఒకావిడ ఉన్న డబ్బంతా ఒకే డిపాజిట్‌లో వేసుకుంది. పద్నాలుగో నెలలో మోకాలి ఆపరేషన్‌కి లక్షన్నర కావలసివచ్చి మొత్తం రద్దు చేయించింది. మధ్యలో తీస్తే డబ్బు ఎన్నాళ్లు ఉందో అన్నాళ్లకి వర్తించే రేటు ఇస్తారు. అందులోంచి సాధారణంగా అర శాతమో, ఒక శాతమో కోస్తారు. ఐదేళ్ల రేటు రాదు. నెలవారీ వడ్డీ డిపాజిట్ అయితే ఇప్పటికే ఎక్కువ ఇచ్చిన వడ్డీని అసలులోంచి పట్టుకుంటారు. 10 లక్షలు వేసినవాళ్లకి 10 లక్షల కన్నా తక్కువ చేతికి రావడం అప్పుడే చూస్తాం.

పన్ను సంగతి కూడా విను. చివర్లో తీసుకుంటే పన్ను కూడా చివర్లోనే అనుకుంటారు చాలామంది. అలా కాదు. చేతికి రాకపోయినా, ఆ ఏడాదికి లెక్కగట్టిన వడ్డీని బట్టి బ్యాంకు ఏటా టీడీఎస్ కోస్తుంది. కోసింది డిపాజిట్‌లోంచే పోతుంది కాబట్టి 14,14,778 చేతికి రాదు. నాన్నగారికి అరవై రెండు కాబట్టి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ మొత్తం లక్ష దాటకపోతే కోయరు. 2025 ఏప్రిల్ నుంచి ఈ లక్ష పరిమితి ఉంది. 10 లక్షలూ ఒకే డిపాజిట్ వేసినా ఐదో ఏట వడ్డీ 94,849 దగ్గరే ఆగుతుంది. కానీ ఆయనకి అదే బ్యాంకులో పాత డిపాజిట్లు ఉంటే అవన్నీ కలిపి చూస్తారు, అది కనుక్కో. నీ పేరున వేద్దామన్న ఆలోచన మానుకో. నీకు పరిమితి 50,000 మాత్రమే, మొదటి ఏడాదే 71,859 వడ్డీ పడి పది శాతం కోత మొదలవుతుంది. ఏటా అలా పోతే ఐదేళ్లకి దాదాపు 13,68,000 మిగులుతుంది. కోసిన పన్నుని రిటర్న్‌లో చూపించుకోవచ్చు గానీ, దాని మీద రావలసిన వడ్డీ తిరిగి రాదు. పైగా పెద్దవాళ్లకిచ్చే అదనపు రేటు కూడా నీ పేరుకి రాదు.

డిపాజిట్ వేసిన రోజు రసీదు చేతికి రాగానే అక్కడే నిలబడి చూడు. 4 లక్షల రసీదు మీద మెచ్యూరిటీ మొత్తం 5,65,911 అని ఉండాలి. అక్కడ 4,00,000 అని కనిపిస్తే, పొరపాటున వడ్డీ బయటికి ఇచ్చే రకంలో వేశారని అర్థం. ఆ రోజే మార్పించు. రసీదులు రెండూ ఫోటో తీసి నాకు పంపు, చూసి చెబుతాను.

నీ మావయ్య