సంచిత శాతం 99.9 దగ్గర ఆగితే

సందేహం: రాసేటప్పుడు ‘చేయడం’ అనకుండా ‘చెయ్యడం’ అనే రూపం ఎంత తరచుగా వాడతారని 60 మందిని అడిగాను. నలుగురు గడి ఖాళీగా వదిలేశారు. పట్టికలో సంచిత శాతం, అంటే పై వరుసల శాతాలను కలుపుకుంటూ వచ్చిన మొత్తం, 99.9 దగ్గర ఆగిపోయింది. ‘66 శాతం మంది అప్పుడప్పుడు వాడతారు’ అని వ్యాసంలో రాయవచ్చా?

సమాధానం: రాయకూడదు. అప్పుడప్పుడు వాడేవారు మీ లెక్కలోనే 18 మంది, అంటే 32.1 శాతం. 66 అనేది ఆ వరుసతో పాటు దాని పైనున్న రెండు వరుసలనూ కలుపుకొన్న అంకె. కాబట్టి ‘అప్పుడప్పుడు గాని, అంతకంటే తక్కువగా గాని వాడేవారు 66.1 శాతం’ అనాలి. ‘అంతకంటే తక్కువగా’ అన్న మాట జారిపోతే వాక్యం అబద్ధమవుతుంది.

మీరు పంపిన అంకెలతోనే పట్టిక మళ్ళీ వేశాను.

| జవాబు | సంఖ్య | శాతం | సంచిత సంఖ్య | సంచిత శాతం |
|---|---|---|---|---|
| అసలు వాడను | 7 | 12.5 | 7 | 12.5 |
| అరుదుగా | 12 | 21.4 | 19 | 33.9 |
| అప్పుడప్పుడు | 18 | 32.1 | 37 | 66.1 |
| తరచుగా | 13 | 23.2 | 50 | 89.3 |
| ప్రతిసారీ | 6 | 10.7 | 56 | 100.0 |

మీరు ఒక దశాంశ స్థానానికి సవరించిన శాతాలను ఒకదానికొకటి కూడుతూ పోయారు. మొదటిది తప్ప ప్రతి వరుసలోనూ వదిలేసిన చిన్న భిన్నాలే చివరికి 0.1 లోటుగా తేలాయి. ముందు మనుషుల సంఖ్యను కూడి, ఆ మొత్తాన్ని 56తో భాగించండి: 37ను 56తో భాగిస్తే 66.07, అంటే 66.1. మూడో నిలువు వరుసను కూడితే ఇప్పటికీ 99.9 వస్తుంది, దానికి కంగారుపడి ఏ అంకెనూ దిద్దకండి. ‘సవరణ వల్ల మొత్తం 100 కాకపోవచ్చు’ అని పట్టిక కింద ఒక ముక్క రాస్తే చాలు.

భాగించింది 60తో కాదు, 56తో. జవాబివ్వని నలుగురు ఎటువైపో మనకు తెలియదు. అలాగని వాళ్ళను మాయం చేయకూడదు. ‘జవాబు లేనివి 4’ అని అక్కడే చెప్పాలి.

మీ ప్రశ్నపత్రంలో చివరి గడికి ‘ఎప్పుడూ’ అని పేరు పెట్టారు. పట్టికలో నేను దాన్ని ‘ప్రతిసారీ’గా మార్చాను గాని, అనుమానం తీరలేదు. ‘ఎప్పుడూ వాడతాను’, ‘ఎప్పుడూ వాడను’ రెండూ తెలుగే కదా! ఆ గడిలో గుర్తు పెట్టిన ఆరుగురి కాగితాలు తీసి, సొంత వాక్యం రాయమన్నచోట ఏ రూపం రాశారో చూడండి. అక్కడ ‘చేయడం’ అని ఉంటే వారిని మళ్ళీ అడగడమే దారి.

మీ రెండో ప్రశ్నకు, అంటే ‘చేయడం, చెయ్యడం, చేయుటలో ఏది నచ్చుతుంది’ అన్నదానికి, సంచిత శాతం గడి కొట్టేయండి. ఆ మూడింటికీ తక్కువ నుంచి ఎక్కువకు పోయే వరుస లేదు. ‘చేయుట’ను పైకి తెస్తే సంచిత శాతాలు మారిపోతాయి, జనం చెప్పిన జవాబు మాత్రం మారదు. అక్కడ సంఖ్య, శాతం ఇస్తే సరిపోతుంది.